టమాటా ధరను బట్టి మెనూ: ఫోన్‌లో వారం వంట లెక్క



2023 జూలై నెలాఖరు మన ప్రాంతంలో ఎవరూ మరిచిపోయి ఉండరు. మదనపల్లె మార్కెట్లో మేలు రకం టమాటా కిలో దాదాపు రూ.200 పలికింది. ఆ ధర ఎన్నో వారాలు నిలవలేదు. పంట ఎక్కువగా రావడం మొదలయ్యాక అంతే వేగంగా కూలిపోయింది. మదనపల్లె సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంది. ఆ చల్లదనం వల్ల ఎండాకాలంలోనూ ఇక్కడ టమాటా పండుతుంది. అందుకే మిగతా చోట్ల కాయ లేనప్పుడు వ్యాపారులు ఇక్కడికే వస్తారు. నాలుగు రోజులు వాన పడినా ఆ ధర మన వంటింటి దాకా వస్తుంది.

ఆ వారాల్లో ఏ వంటల యాప్ తెరిచి చూసినా, పప్పు దగ్గర "టమాటాలు నాలుగు" అనే ఉంది. యాప్‌కు వంటకం తెలుసు, మన సంత తెలియదు. ఇద్దరూ పనికి వెళ్లే ఇంట్లో, శాకాహారం వండుకుంటూ, నెలాఖరుకు డబ్బు సరిపోయేలా చూసుకోవాలంటే ఆ రెండో సంగతే ముఖ్యం. ఈ నెల మన వ్యాసం దాని గురించే. ఫోన్‌ను వారం వంటకు ఎలా వాడుకోవచ్చో, ఎక్కడ దాన్ని నమ్మకూడదో ఒక ఇంటి లెక్కతో చూద్దాం.

యాప్ ఆలోచించే దారి వేరు

మీల్ ప్లానింగ్ యాప్‌లు చాలావరకు ఒకే పద్ధతిలో పనిచేస్తాయి. మీరు ముందు వంటకాలు ఎంచుకుంటారు. యాప్ వాటిలోని సరుకులన్నీ కూడి కొనాల్సిన జాబితా ఇస్తుంది. శాంసంగ్ ఫుడ్ (2023కు ముందు దాని పేరు విస్క్), పాప్రికా, మీలైమ్ వంటివన్నీ ఈ దారిలోనే నడుస్తాయి. వంటకం మొదట, సరుకు తర్వాత.

మన ఇళ్లలో జరిగేది దీనికి తలకిందులు. సంతలో ఏది చవగ్గా ఉందో, డబ్బాలో ఏ పప్పు మిగిలిందో చూసి, ఆ తర్వాత ఏం వండాలో అనుకుంటాం. సరుకు మొదట, వంటకం తర్వాత. తక్కువ ఖర్చుతో ఇల్లు గడవడానికి కారణం ఈ అలవాటే. అందువల్ల యాప్ చెప్పిన ఏడు కొత్త వంటకాలతో వారం మొదలుపెడితే ఖర్చు తగ్గదు, పెరుగుతుంది. ఒక్కో కొత్త వంటకానికి ఒక్కో కొత్త సరుకు కొనాలి. అందులో ఒక చెంచా వాడి మిగతాది అలమరలో పెట్టేస్తాం.

కొత్త వంటకం కోసం యాప్ చూడాలనుకుంటే మూడు సంగతులు ముందే గమనించండి.

మొదటిది, "వెజిటేరియన్" అనే మాట. విదేశీ యాప్‌లలో వెజిటేరియన్ అంటే మాంసం, చేప లేనిది అని మాత్రమే అర్థం. గుడ్డు అందులో కలిసే ఉంటుంది. మీ ఇంట్లో గుడ్డు తినకపోతే వెజిటేరియన్ అని ఎంచుకుంటే సరిపోదు, సెట్టింగ్స్‌లో గుడ్డును విడిగా తీసేయాలి.

రెండవది, "కప్పు". అమెరికా వంటకాల్లో కప్పు అంటే దాదాపు 240 మిల్లీలీటర్లు. మన ఇంట్లో కాఫీ కప్పు అందులో సగమే ఉండవచ్చు. ఒకే వంటకంలో బియ్యం, నీళ్లు రెండూ కప్పుల్లోనే ఉంటే ఏ కప్పుతో కొలిచినా పరవాలేదు, పాళ్లు మారవు. కానీ బియ్యం కప్పుల్లో, పప్పు గ్రాముల్లో ఉన్నప్పుడు తేడా వస్తుంది. కొలతలు గ్రాముల్లో ఉన్న వంటకాన్నే తీసుకోవడం మేలు.

మూడవది, సమయం. "తయారీ 10 నిమిషాలు, వంట 20 నిమిషాలు" అని పైన ఉంటుంది. కిందికి వెళితే మొదటి మెట్టులోనే "రాత్రంతా నానబెట్టిన శనగలు" అని కనిపిస్తుంది. సాయంత్రం ఏడు గంటలకు ఆ వాక్యం చదివితే ఆ రోజు వంట తప్పినట్టే. అప్పుడు బయటి నుంచి పార్సిల్ తెచ్చుకుంటాం. వారం కూరగాయల డబ్బులో పెద్ద వాటా ఆ ఒక్క పార్సిల్‌కే పోవచ్చు.

వెతికేటప్పుడు ఇంకో చిక్కు కూడా ఉంది. మనం ఉర్లగడ్డ అంటాం, యాప్‌లో బంగాళదుంప లేదా ఆలూ అని ఉంటుంది. ఎర్రగడ్డ అక్కడ ఉల్లిపాయ, చెనక్కాయలు వేరుశనగలు. మన మాటతో వెతికితే ఏమీ రాకపోతే ఆ వంటకం లేదని కాదు, రెండో పేరుతో ఒకసారి వెతికి చూడండి.

మీ ఇంట్లో ఇప్పటికే ఉన్న 14 వంటకాలు

ఫోన్‌లో మొదట చేయాల్సింది కొత్త యాప్ దించుకోవడం కాదు. మీ ఇంట్లో పిల్లలు మాట్లాడకుండా తినే వంటకాలు రాసుకోవడం. చాలామంది ఇళ్లలో లెక్కపెడితే 14, 15 కంటే ఎక్కువ రావు. అవి చాలు. వాటిని గూగుల్ కీప్‌లోనో, ఒక గూగుల్ షీట్‌లోనో రాయండి. రెండూ ఉచితమే, తెలుగులో టైప్ చేయవచ్చు.

ప్రతి వంటకం పక్కన మూడు విషయాలు ఉండాలి. అందులో ఏ పప్పు లేదా గింజ ఎంత పడుతుంది? పులుపు దేని నుంచి వస్తుంది? ముందు రాత్రి ఏదైనా చేయాలా?

పప్పు సంగతి ఎందుకంటే, మాంసం, గుడ్డు లేని ఇంట్లో పిల్లలకు మాంసకృత్తులు ముఖ్యంగా అక్కడి నుంచే రావాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో, రోజుకు 2000 కేలరీలు అవసరమయ్యే మనిషికి దాదాపు 85 గ్రాముల పప్పుధాన్యాలు సూచించారు. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు ఉన్న ఇంటికి రోజుకు 300 గ్రాములు అనుకోవచ్చు. మనం పప్పు వండితే వేసేది 150 గ్రాములు. మిగతా సగం ఇంకెక్కడి నుంచో రావాలి. అది ఇడ్లీ పిండిలోని మినప్పప్పు కావచ్చు, ఉలవలు, అలసందలు, మొలకెత్తిన పెసలు కావచ్చు. డబ్బు తక్కువగా ఉన్నప్పుడు మనకు తెలియకుండానే మొదట తగ్గిపోయేది ఇదే. పప్పు పలచనవుతుంది, అన్నం పెరుగుతుంది. కడుపు నిండుతుంది కాబట్టి ఎవరికీ తేడా తెలియదు. రాసి ఉంటేనే కనబడుతుంది.

పులుపు సంగతి టమాటా వల్ల. దాని లెక్క ఇప్పుడు చూద్దాం.

ఒక పప్పు, ఒక లెక్క

నలుగురికి టమాటా పప్పు తీసుకుందాం. కందిపప్పు 150 గ్రాములు, టమాటా 250, ఎర్రగడ్డలు 100, పచ్చిమిర్చి 20, నూనె 15 గ్రాములు. లెక్క కోసం కిలో ధరలు ఇలా అనుకుందాం: కందిపప్పు రూ.140, టమాటా రూ.20, ఎర్రగడ్డలు రూ.30, పచ్చిమిర్చి రూ.60, నూనె రూ.150. మీరు చేసేటప్పుడు ఆ వారం మీ ఊరి ధరలు వేసుకోండి.

గూగుల్ షీట్‌లో రెండు పేజీలు తెరవండి. మొదటి పేజీకి Rates అని పేరు పెట్టి, A వరుసలో సరుకు పేరు, B వరుసలో కిలో ధర రాయండి. రెండో పేజీ పప్పుది. అందులో A వరుసలో సరుకు పేరు, B వరుసలో గ్రాములు. C వరుసలో ధర మీరు టైప్ చేయకూడదు, Rates పేజీ నుంచి తెచ్చుకోవాలి. C2లో ఇది రాసి, కిందికి లాగితే మిగతా సరుకులకూ వస్తుంది:

```
=VLOOKUP(A2,Rates!A:B,2,FALSE)
```

సరుకులు రెండో వరుస నుంచి ఆరో వరుస దాకా ఉంటే, మొత్తం ఖర్చు కావలసిన గడిలో ఇది:

```
=SUMPRODUCT(B2:B6,C2:C6)/1000
```

మనం అనుకున్న ధరలతో రూ.32.45 వస్తుంది. ఇప్పుడు Rates పేజీలో టమాటా ధర ఒక్కటి మార్చండి. కిలో రూ.100 అయితే అదే పప్పు రూ.52.45. రూ.200 అయితే రూ.77.45. 2023 జూలై నాటి ధరలో ఆ గిన్నెలో కందిపప్పు ఖరీదు రూ.21, టమాటా ఖరీదు రూ.50. పుష్టినిచ్చే వస్తువు కన్నా పులుపునిచ్చే వస్తువుకు రెండింతలకు మించి ఖర్చు పెడుతున్నామన్నమాట.

ఇప్పుడు టమాటాకు బదులు పది రూపాయల తోటకూర కట్ట, 20 గ్రాముల చింతపండు వేద్దాం. చింతపండు కిలో రూ.160 అనుకుంటే రూ.3.20 అవుతుంది. టమాటా తీసేసి ఈ రెండూ కలిపితే మొత్తం రూ.40.65. అంటే టమాటా రూ.20 ఉన్నప్పుడు టమాటా పప్పే చవక. రూ.100 ఉన్నప్పుడు ఆకుకూర పప్పు చవక. ఎక్కడ మారాలి? ఆకుకూరకు, చింతపండుకు కలిపి రూ.13.20 అయింది. 250 గ్రాముల టమాటా ఆ ఖరీదుకు చేరేది కిలో సుమారు రూ.53 దగ్గర. కాబట్టి ఈ ఇంటి నియమం ఒకే ముక్క: టమాటా కిలో రూ.50 దాటితే ఆకుకూర పప్పు. ఆ ముక్కను జాబితాలో పప్పు పక్కనే రాసి పెట్టుకుంటే, సంతలో నిలబడి ఆలోచించే పని ఉండదు.

ఇక్కడ వంట సంగతి ఒకటి మరిచిపోకూడదు. చింతపండు పులుసును పప్పుతో పాటు కుక్కర్లో వేస్తే పప్పు సరిగా ఉడకదు. పులుపు ఎక్కువైతే పప్పు గట్టిగానే ఉండిపోతుంది. పప్పు మెత్తబడ్డాక, మూత తీసి పులుసు పోసి, మరో అయిదు నిమిషాలు మరగనివ్వాలి. టమాటా వంటకాన్ని చింతపండుకు మార్చినప్పుడు ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే. గ్యాస్ కూడా అదనంగా పోతుంది.

షీట్‌లో జరిగే పొరపాటు ఇంకోటి. ఒక పేజీలో "టమాటా" అని, ఇంకో పేజీలో "టమోటా" అని రాస్తే ఫోన్ ఆ రెండింటినీ వేర్వేరు సరుకులు అనుకుంటుంది. ధర బదులు #N/A అని కనబడుతుంది. అది కనబడితే సూత్రం తప్పని కంగారు పడకండి. ముందు స్పెల్లింగ్, ఆ తర్వాత పేరు చివర అనవసరమైన ఖాళీ ఉందేమో చూడండి.

అన్ని వంటకాలకూ ఈ లెక్క అక్కర్లేదు. టమాటా, ఎర్రగడ్డలు, కందిపప్పు ఎక్కువగా పడే నాలుగైదు వంటకాలకు చేస్తే చాలు. మిగతావాటి ఖర్చు వారం వారం అంతగా మారదు.

పుంగనూరులో ఒక వారం

పుంగనూరులో ఒక ఇంటిని ఊహించుకుందాం. అమ్మ ఉదయం ఎనిమిదిన్నరకు దుకాణానికి వెళుతుంది, నాన్న పనికి వెళుతాడు, ఇద్దరు పిల్లలు బడికి వస్తారు. నలుగురికీ మధ్యాహ్నం బాక్సులే. కూరగాయలు వారానికి ఒకసారి కొంటారు. గుడ్డు కూడా తినని ఇల్లు.

వారం మెనూను పట్టి నడిపించేది కూరగాయల నిలవ. ఆకుకూర రెండు రోజుల్లో వాడిపోతుంది. వంకాయ, బీన్స్ నాలుగైదు రోజులు ఆగుతాయి. గుమ్మడి, ఉర్లగడ్డ, క్యారెట్ వారం దాటినా బాగుంటాయి. యాప్‌లకు ఈ వరుస తెలియదు. శుక్రవారానికి పాలకూర, సోమవారానికి గుమ్మడి పెట్టేస్తాయి. మనం వరుస మార్చుకుంటే చెత్తబుట్టలో పడేది చాలావరకు తగ్గుతుంది.

ఆ ఇంటి వారం ఇలా ఉంటుంది.

| రోజు | ఉదయం | బాక్స్ | రాత్రి |
|---|---|---|---|
| సోమ | ఇడ్లీ, చెనక్కాయల చట్నీ | అన్నం, ఆకుకూర పప్పు | రాగి సంగటి, అదే పప్పు |
| మంగళ | దోసె, చట్నీ | పులిహోర, ఉలవ గుగ్గిళ్లు | అన్నం, ఉలవచారు |
| బుధ | గుంత పొంగనాలు | అన్నం, వంకాయ కూర, పెరుగు | పెసరపప్పు కట్టు, అన్నం |
| గురు | ఉప్మా | చపాతీ, అలసందల కూర | అన్నం, అదే కూర |
| శుక్ర | ఉగ్గాని | సాంబారన్నం | సంగటి, సాంబారు |
| శని | చపాతీ, శనగల కూర | అన్నం, గుమ్మడి పులుసు | అన్నం, శనగల కూర |
| ఆది | ఉప్మా లేదా దోసె | మిగిలిన కూరగాయలతో పప్పుచారు | ఉర్లగడ్డ వేపుడు, పెరుగన్నం |

దీనిలో మూడు చోట్ల ఒకే పని రెండుసార్లు పనికొస్తోంది. ఆదివారం సాయంత్రం ఒకసారి రుబ్బిన పిండి సోమవారం ఇడ్లీకి, మంగళవారం దోసెకు, బుధవారం పొంగనాలకు సరిపోతుంది. పిండి పులిశాక ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులూ బాగుంటుంది. రోజురోజుకూ పులుపు పెరుగుతుంది కాబట్టి ఇడ్లీ ముందు, పొంగనాలు చివర. ఆ పిండికి 900 గ్రాముల బియ్యం, 300 గ్రాముల మినప్పప్పు. మూడు రోజులకు పంచితే రోజుకు 100 గ్రాముల పప్పు పిల్లలు అడగకుండానే తింటున్నారు.

ఉలవలు రెండోది. ఉడికించిన నీళ్లు వంపి ఉంచుకుంటే రాత్రికి చారు. గింజలకు తాలింపు పెడితే బాక్సులో గుగ్గిళ్లు. ఒకే కుక్కర్, ఒకే గ్యాస్. నీళ్లు పారబోసి గింజలు మాత్రమే వండే వంటకం యాప్‌లో కనబడితే, అది మన ఇంటి వంట తెలియనివాళ్లు రాసిందని అర్థం చేసుకోండి.

మూడోది, రాత్రికి మళ్లీ కొత్త కూర వండకుండా పగటి కూరనే సంగటితోనో అన్నంతోనో తినడం. పగలు వండింది రాత్రికి ఫ్రిజ్‌లో పెట్టి, తినేముందు బాగా మరిగించాలి, ఎండాకాలంలో మరీను.

ఇప్పుడు పప్పు లెక్క వేయండి. సోమవారం కందిపప్పు 150, పిండిలో మినప్పప్పు 100, మొత్తం 250 గ్రాములు. దీనికి చట్నీలోని చెనక్కాయలు తోడు. 300కు దగ్గరగానే ఉంది. శుక్రవారం చూడండి. సాంబారులో పప్పు 100 గ్రాములు, ఉగ్గానిలో పుట్నాల పొడి 50. మొత్తం 150, అంటే సగమే. ఉగ్గాని, సాంబారు రెండూ పిల్లలకు ఇష్టమైనవే, కానీ రెండూ ఒకే రోజు పడ్డాయి. మెనూ మార్చనక్కరలేదు. బుధవారం రాత్రి 100 గ్రాముల పెసలు నానబెట్టి, గురువారం ఉదయం గుడ్డలో మూటకడితే శుక్రవారానికి మొలకలు వస్తాయి. బడి నుంచి రాగానే నిమ్మరసం, ఉప్పు వేసి ఇవ్వవచ్చు. శుక్రవారం లెక్క 250కి చేరుతుంది. రాసి పెట్టుకోకపోతే ఈ శుక్రవారం ఎప్పటికీ మన కంట పడదు.

ఫోన్ చేసే అసలు మేలు: రాత్రి తొమ్మిది గంటల గంట

ఈ పట్టికలో ఉలవలు, అలసందలు, శనగలు, పెసలు, ఇడ్లీ పిండి, అయిదింటికీ ముందే నానబెట్టే పని ఉంది. నానబెట్టడం మరిచిపోయిన రోజే ప్రణాళిక చెడుతుంది. వంటకం వెతకడం కన్నా దీనికే ఫోన్ ఎక్కువ ఉపయోగం.

గూగుల్ క్యాలెండర్‌లో సోమవారం రాత్రి 9 గంటలకు "ఉలవలు 250 గ్రాములు నానబెట్టాలి" అని పెట్టండి. Repeat దగ్గర ప్రతి వారం అని ఎంచుకుంటే మళ్లీ పెట్టనక్కరలేదు. బుధవారానికి అలసందలు, పెసలు. శుక్రవారానికి శనగలు. పిండి పప్పుకు ఆదివారం మధ్యాహ్నం. గుర్తుచేసే మాటలో గ్రాములు కూడా రాయండి. అప్పుడు ఇంట్లో ఎవరి చేతికి ఫోన్ దొరికితే వాళ్లు, ఆరో తరగతి పిల్లవాడైనా సరే, ఆ పని చేసేయగలరు. ఆ గంట అమ్మ ఫోన్‌లోనే మోగాలని లేదు.

కుప్పంలో రైలు దిగే నాన్న

కుప్పం నుంచి రోజూ రైల్లో బెంగళూరుకు పనికి వెళ్లివచ్చేవాళ్లు ఎందరో ఉన్నారు. అలాంటి ఇంట్లో కొనేది ఒకరు, వండేది ఇంకొకరు. "పెరుగు తెచ్చారా?" అని అడిగితే ఇద్దరూ తెచ్చి ఉంటారు, లేదా ఇద్దరూ తెచ్చి ఉండరు.

దీనికి గూగుల్ కీప్‌లో ఒకే జాబితా తెరిచి, రెండో వారి జీమెయిల్‌ను Collaborator గా చేర్చండి. ఒకరు టిక్ పెడితే ఇద్దరి ఫోన్లలోనూ కొట్టేసి కనబడుతుంది. వాట్సాప్‌లో పంపిన జాబితాలో ఆ సౌకర్యం లేదు. అది పాతదో కొత్తదో కూడా తెలియదు. అయితే దారిలో సిగ్నల్ లేకపోతే కీప్‌లో మార్పు అవతలి ఫోన్‌కు వెంటనే చేరదు. అందుకని ఇల్లు కదిలేముందు జాబితా ఒకసారి తెరిచి చూసుకోవాలి. పెట్టాల్సిన మార్పులు సాయంత్రం అయిదు గంటల లోపలే పెట్టేయాలని ఇంట్లో ఒక మాట అనుకోవాలి.

జాబితాలో ఏ పేరు రాయాలన్నది కూడా చిన్న విషయం కాదు. కుప్పానికి ఒకవైపు కర్ణాటక, ఇంకోవైపు తమిళనాడు. కందిపప్పునే ఒక దుకాణంలో తొగరి బేళె అని, ఇంకో దుకాణంలో తువరం పరుప్పు అని అడగాలి. వండేవాళ్లు పిలిచే పేరు కాకుండా, కొనేవాళ్లు దుకాణంలో పలికే పేరు రాయండి. పక్కన ఎంత కావాలో గ్రాముల్లో ఉండాలి. "కొత్తిమీర కొంచెం" అని రాస్తే మూడు కట్టలు వస్తాయి.

ఎక్కడ దారి తప్పుతుంది

ఈ పద్ధతి పనిచేయడం లేదని నాలుగైదు వారాల్లో తెలిసిపోతుంది. గుర్తులు మూడు.

శుక్రవారం ఫ్రిజ్‌లో వాడిన ఆకుకూర కనబడితే, వంటకాల వరుస తప్పిందని అర్థం. ఆకుకూరను వారం మొదటికి జరపండి, లేదా ఒక కట్ట తగ్గించండి.

వారంలో రెండుసార్లు మెనూ పక్కన పెట్టి ఇంకేదో వండారంటే, మెనూ మీ సాయంత్రానికి మించినదన్నమాట. ఆ రెండు రోజులు ఏవో చూడండి. ట్యూషన్ ఉన్న రోజో, దుకాణం ఆలస్యంగా మూసే రోజో అయి ఉంటుంది. ఆ రోజుకు పగటి కూరే రాత్రికి మిగిలేలా పెట్టండి.

కూరగాయల ఖర్చు తగ్గి, పప్పుల డబ్బాలు నెలాఖరుకు నిండుగా మిగిలితే సంతోషించకండి. పప్పు తక్కువ పడుతోందని అర్థం. ఈ పొదుపు పిల్లల పళ్లెంలోంచి వచ్చింది.

డబ్బు కట్టే యాప్‌ల గురించి ఒక హెచ్చరిక. చాలా యాప్‌లు "ఏడు రోజులు ఉచితం" అని చెప్పి, ముందే కార్డు లేదా యూపీఐ అనుమతి తీసుకుంటాయి. యాప్‌ను ఫోన్ నుంచి తీసేసినంత మాత్రాన ఆ చందా ఆగదు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో ప్లే స్టోర్ తెరిచి, పైన మీ బొమ్మ మీద నొక్కి, Payments & subscriptions లోపల Subscriptions లో రద్దు చేయాలి. ఈ వ్యాసంలో చెప్పిన పనులకు ఏ చందా అవసరం లేదు.

ఈ ఆదివారం సంతకు వెళ్లేటప్పుడు పిల్లలను వెంట తీసుకెళ్లండి. అయిదు సరుకుల ధరలు వాళ్లనే అడిగి, ఇంటికొచ్చాక Rates పేజీలో వాళ్లనే నింపమనండి. ఆ వారం టమాటా పప్పా, ఆకుకూర పప్పా అన్నది వాళ్లే లెక్కకట్టి చెప్పాలి. తరగతిలో నేర్చుకున్న గుణకారం, భాగహారం అక్కడ సరిపోతాయి. తామే లెక్క చూసి ఎంచిన పప్పు కాబట్టి, సోమవారం బాక్స్ ఖాళీగా ఇంటికి వచ్చే అవకాశమూ ఎక్కువ.